యాత్రికుడు చూసిందెంత, విన్నదెంత

గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్న కుర్రాడొకడు మొన్న కేసముద్రం స్టేషన్లో బండి కోసం ఎదురుచూస్తూ అడిగాడు. "హుయాన్‌త్సాంగ్ మన దిక్కు వచ్చిండా సార్?" వచ్చాడని గట్టిగా చెప్పలేం, రాలేదనీ చెప్పలేం అన్నాను. వాడికి అది జవాబులా అనిపించినట్టు లేదు. పరీక్షలో నాలుగు ఐచ్ఛికాలు ఇస్తారు కదా, అందులో "చెప్పలేం" అన్నది ఉండదు. చీనా యాత్రికుల రాతలు చదవడానికి కావలసిన మొదటి ఓపిక మాత్రం ఆ మాటలోనే ఉంది.

హుయాన్‌త్సాంగ్ రాసిన దారి ఇదీ. దక్షిణ కోసలం నుంచి పెద్ద అడవిలో దక్షిణంగా తొమ్మిది వందల 'లీ'లకు పైగా నడిచి ఆంధ్ర దేశం చేరాడు. రాజధాని పేరు చీనా అక్షరాల్లో 'పింగ్‌కిలో'. అక్కణ్నుంచి మళ్లీ అడవుల్లో వెయ్యి లీలకు పైగా దక్షిణంగా నడిచి ధాన్యకటకం చేరాడు. ఇదంతా సుమారు 639-40 నాటి మాట. 1871లో భారతదేశ ప్రాచీన భూగోళం గురించి పుస్తకం వేసిన కన్నింగ్‌హామ్ ఈ రాజధానిని తెలంగాణలోనే వెతికాడు. మన ఓరుగల్లు పేరూ ఆయన పరిశీలనకు వచ్చింది. అది ధాన్యకటకంగా గుర్తించిన ధరణికోటకు మరీ దగ్గర, యాత్రికుడు చెప్పిన దూరానికి చాలదు అని పక్కన పెట్టేశాడు. తర్వాతి పండితులు పింగ్‌కిలో అంటే వేంగి అనీ, ఏలూరు పక్కనున్న నేటి పెదవేగి అనీ స్థిరపరిచారు. శాసనాలు, తవ్వకాలు, పేరు పోలిక అన్నీ అటే చూపిస్తున్నాయి.

ఇక్కడే ఒక చిక్కు. వరంగల్ దూరం చాలదని కొట్టేశాం, సరే. పెదవేగి నుంచి ధరణికోటకు నేరుగా గీత గీస్తే వంద కిలోమీటర్లు కూడా లేదు. దిక్కు కూడా దక్షిణం కాదు, కొంచెం దక్షిణానికి వాలిన పడమర. ఆనాటి లీ సుమారు అర కిలోమీటరు. వెయ్యి లీలంటే ఎంత తగ్గించినా నాలుగు వందల కిలోమీటర్లు దాటుతుంది. దూరాన్ని సాక్ష్యంగా పట్టుకుని ఒక ఊరిని తోసేసి, అంతకన్నా దగ్గరి ఊరిని ఒప్పుకున్నామన్నమాట.

దీనికి తాళంచెవి హుయాన్‌త్సాంగే ఇచ్చాడనుకుంటాను. తన గ్రంథం రెండో భాగంలో యోజనం గురించి ఒక మాట రాశాడు. పాత లెక్క ప్రకారం యోజనానికి నలభై లీలు, భారత దేశపు వాడుకలో ముప్ఫై, బౌద్ధ గ్రంథాల్లో పదహారే. ఆయన గొలుసు పట్టుకుని దారి కొలవలేదు. ఊరివాళ్లను ఎన్ని యోజనాలని అడిగి ఉంటాడు, ఎన్ని పూటల నడకో చూసుకుని ఉంటాడు, ఆపైన దాన్ని లీలలోకి మార్చి ఉంటాడు. పదహారుతో గుణించవలసిన చోట నలభైతో గుణిస్తే దూరం రెండున్నర రెట్లవుతుంది. ఇది నా ఊహే. అయినా అడవిదారుల వంకర్లు కూడా కలుపుకుంటే లెక్క దరిదాపుకు వస్తుంది. అందుకే యాత్రికుడు చెప్పిన దిక్కును కొంత, ఊరి పేరును ఎక్కువ, దూరాన్ని అన్నిటికన్నా తక్కువ నమ్మడం నాకు అలవాటు.

మరి విహారాల లెక్కలు? ఆంధ్రలో ఇరవైకి పైగా సంఘారామాలు, మూడు వేల మంది భిక్షువులు. ధాన్యకటకంలో చాలా విహారాలు పాడుబడ్డాయి, నిలిచినవి ఇరవై దాకా, భిక్షువులు వెయ్యి మంది. దేవాలయాలు మాత్రం వందకు పైగా. వీటిని జనాభా లెక్కల్లా చదవకూడదు. గుండ్రని అంకెలన్నీ ఒక అంచనాయే. అయితే పక్కపక్కన పెట్టి చూస్తే పనికొస్తాయి. రెండు చోట్లా ఇరవై విహారాలే. ఒక చోట విహారానికి సగటున నూట యాభై మంది, ఇంకో చోట యాభై. గోడలు నిలిచి, మనుషులు పలచబడిన చోటేదో ఆ తేడా చెబుతోంది. ఒక యాత్రికుడు రెండు దేశాలనూ ఒకే కంటితో చూశాడు కాబట్టి ఈ పోలికకు విలువ. ఇద్దరు యాత్రికుల అంకెలను ఇలా పోల్చడానికి లేదు. నలందాకు ఎన్ని గ్రామాల మాన్యముందంటే హుయాన్‌త్సాంగ్ జీవిత చరిత్ర వంద అంటుంది, కొన్ని దశాబ్దాల తర్వాత అక్కడే చదువుకున్న ఇత్సింగ్ రెండు వందలంటాడు. అది పెరుగుదలా, లెక్క తేడానా అన్నది ఆ రెండు అంకెల్లోంచే తేలదు.

మన కేసముద్రం మార్కెట్ యార్డులో ఇవాళ మిర్చి ఎంత పలికిందని పది మందిని అడగండి, పది ధరలు చెబుతారు. ఎవరు తన బస్తాలు కాంటా మీద పెట్టి వచ్చాడో, ఎవరు టీకొట్టు దగ్గర విన్నాడో కనుక్కుంటే సగం గందరగోళం తీరిపోతుంది. యాత్రికుడినీ అదే అడగాలి. విచిత్రమేమంటే ఆ గ్రంథం చివర, దాన్ని కూర్చిన శిష్యుడు బియెన్‌జీ ఈ ప్రశ్నకు జవాబు రాసే పెట్టాడు. 'నడిచి' చేరినట్టు రాసిన చోట్లు గురువుగారు స్వయంగా తిరిగినవి, ఊరికే 'చేరినట్టు' రాసినవి విన్నవి అని. ఆంధ్రకూ ధాన్యకటకానికీ 'నడిచి' అనే ఉంది. సంతోషమే. కానీ దూర దక్షిణాన ఉన్న మలకూటానికీ గ్రంథంలో అదే మాట వాడారు. జీవిత చరిత్రేమో ఆయన అక్కడికి వెళ్లలేదు, కాంచీపురంలో విన్నాడంటుంది. రాసినవాళ్లే తమ నియమం అంతటా పాటించలేదన్నమాట.

ధాన్యకటకంలో ఆయన నిజంగా ఆగాడనడానికి నాకు గట్టిగా కనిపించేది ఆ జీవిత చరిత్రలోని ఒక చిన్న వివరం. అక్కడ సుభూతి, సూర్య అనే ఇద్దరు మహాసాంఘిక భిక్షువులు ఉండేవారు. వాళ్ల దగ్గర కొన్ని నెలలుండి ఆ శాఖ అభిధర్మం నేర్చుకున్నాడు, బదులుగా మహాయాన శాస్త్రాలు వాళ్లకు చెప్పాడు. ఇందులో అద్భుతమేమీ లేదు, ఎవరినీ పొగిడిందీ లేదు. పాడుబడుతున్న ఊళ్లో కూడా నెలల తరబడి పాఠం చెప్పగల ఆచార్యులు ఇద్దరు ఉన్నారు. సంస్థ ఎలా ఉందో తెలుసుకోవాలంటే వెయ్యి మంది అన్న అంకె కన్నా ఇదే ఎక్కువ చెబుతుంది.

ఇక అసలు తగువు. ధాన్యకటక రాజధానికి తూర్పున కొండ మీద పూర్వశైల విహారం, పడమట కొండ మీద అపరశైల విహారం ఉన్నాయని రాశాడు. బుద్ధుడి తర్వాత వెయ్యేళ్లపాటు ఏటా వెయ్యి మంది అక్కడ వర్షావాసం చేసి అర్హతులై ఆకాశమార్గాన వెళ్లేవారట. ఆ తర్వాత కొండ దేవత తోడేళ్ల రూపంలో, కోతుల రూపంలో దారినపోయేవాళ్లను భయపెట్టడంతో వందేళ్లకు పైగా అక్కడ భిక్షువన్నవాడే లేడట. ధరణికోటకు అలా తూర్పున ఒక కొండ, పడమట ఒక కొండ లేవు. బెజవాడకు ఉన్నాయి. అందుకని ఫెర్గూసన్ రాజధాని బెజవాడే అన్నాడు, సీవెల్ ఆ వాదాన్ని బలపరిచాడు, బర్జెస్ ధరణికోటనే పట్టుకున్నాడు. ధాన్యకటకం పేరు అమరావతి శాసనాల్లోనే కనిపించడంతో పేరు విషయంలో బర్జెస్ మాటే నెగ్గింది. కొండల చిక్కు పూర్తిగా విడిపోలేదు.

ఈ కథలో ఏది తీసుకోవాలి? ఎగిరిపోయిన అర్హతులను వదిలేద్దాం. పూర్వశైల, అపరశైల అన్న పేర్లు మాత్రం కల్పన కావు. నందిగామ దగ్గరి అల్లూరు శాసనం పూర్వశైలీయులకు భూమి, ఆవులు, ఎడ్లు, బండ్లు, పనివాళ్లు, నాణేలు దానమిచ్చినట్టు చెబుతుంది. ధరణికోటలో దొరికిన ధర్మచక్ర స్తంభం పూర్వశైలీయుల మహావిహారానిది. అపరశైలీయులు నాగార్జునకొండ శాసనాల్లో ఉన్నారు. యాత్రికుడు రావడానికి మూడు నాలుగు వందల ఏళ్ల ముందే ఈ రెండు శాఖలూ కృష్ణా తీరంలో ఆస్తిపాస్తులతో బతికాయి. ఆయన వచ్చేనాటికి ఆ శాఖల పేర్లు రెండు కొండల పేర్లుగా మిగిలాయి, ఎందుకు ఖాళీ అయ్యాయన్న ప్రశ్నకు ఊరివాళ్ల దగ్గర ఒక దయ్యం కథ ఉంది. దాతలు తగ్గారా, మాన్యాలు చేతులు మారాయా అన్నది ఆయన అడగలేదు. "వందేళ్లకు పైగా" అన్న మాట మాత్రం నేను జాగ్రత్తగా దాచుకుంటాను. ఖాళీ అయిన కాలాన్ని ఊరు గుర్తుపెట్టుకుంటుంది, కారణాన్ని మార్చేస్తుంది.

అన్నిటికన్నా వింత ఆయన చెప్పనిది. నెలల తరబడి ధాన్యకటకంలో ఉన్న మనిషి అమరావతి మహాస్తూపం గురించి ఒక్క ముక్క రాయలేదు. యాభై మీటర్ల అడ్డుకొలత, చుట్టూ చెక్కిన సున్నపురాతి పలకలు. వేంగి దగ్గర అచలుడనే అర్హతుడు కట్టించిన రాతి స్తూపాన్ని, దిఙ్నాగుడు తర్కం రాసిన కొండనూ వర్ణించినవాడు దీన్నెలా వదిలాడు? మెకంజీ 1797లో అక్కడికి వెళ్లకపోయి ఉంటే, ఈ గ్రంథాన్నే నమ్ముకున్నవాళ్లు అక్కడ స్తూపమే లేదనేవారు. యాత్రికుడు రాయలేదు కాబట్టి లేదు అనే వాదం ఇక్కడ విరిగిపోతుంది.

కుర్రాడి ప్రశ్నకు కూడా ఇదే దారి. కోసలం నుంచి వేంగికి మధ్య ఆయన కళ్లకు కనబడింది అడవి. ఫణిగిరి గానీ, నేలకొండపల్లి గానీ, ధూళికట్ట గానీ ఆ గ్రంథంలో లేవు. మన పక్కనే ఉన్న ఫణిగిరి కొండ మీద స్తూపం, విహారాలు, చెక్కిన తోరణం బయటపడ్డాయి. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి 18వ ఏటి శాసనం దొరికింది. అది ఆయనకు మూడు వందల ఏళ్ల ముందరి వైభవం. ఆయన దారి అటు పోలేదో, పోయినా అప్పటికే పొదలు కమ్మేశాయో ఆయన మౌనం మీద ఆధారపడి తేల్చలేం. తవ్వకమే చెప్పాలి.

పోటీ పరీక్షల పుస్తకాలు మాత్రం "హుయాన్‌త్సాంగ్ నాటికి ఆంధ్రలో బౌద్ధం అంతరించింది" అని ఒక్క వాక్యంలో ముగిస్తాయి. ఆయన రాసింది అది కాదు. చాలా విహారాలు పాడయ్యాయి, ఇరవై నిలిచాయి అన్నాడు. ఆ తర్వాత 1182లో కోట కేతరాజు అమరావతిలో బుద్ధుడికి దానాలు చేసి శాసనం వేయించాడు. 1344 నాటి శ్రీలంక గడలదెణియ శాసనం, ధర్మకీర్తి అనే భిక్షువు ధాన్యకటకంలో రెండంతస్తుల బుద్ధ మందిరాన్ని బాగుచేయించాడని చెబుతుంది. అంటే యాత్రికుడు వెళ్లిపోయిన ఏడు వందల ఏళ్ల తర్వాత కూడా అక్కడ బాగుచేయించడానికి ఒక మందిరం ఉంది.