కొత్త వెబ్‌సైట్, పాత కస్టమర్లు

‘మా కొత్త వెబ్‌సైట్ ప్రారంభించామని తెలియజేయుటకు మిక్కిలి సంతోషిస్తున్నాము.’ చిన్న వ్యాపారులకు ప్రకటనలూ మెసేజీలూ రాసిపెట్టడం నా పని. నా దగ్గరికి వచ్చే చిత్తుప్రతులు చాలావరకు ఈ వాక్యంతోనే మొదలవుతాయి. నేను మొట్టమొదట కొట్టేసేదీ దీన్నే. సంతోషం దుకాణం వారిది. చదివే ఆవిడకు కావలసింది, రేపటి నుంచి కిలో ఆవకాయ ఎలా తెప్పించుకోవాలన్నది.

ఆమధ్య ఒక పచ్చళ్ల వ్యాపారి ఇలాంటి మెసేజ్ కోసమే వచ్చారు. అప్పటిదాకా ఆయన ఆర్డర్లన్నీ వాట్సాప్‌లోనే. ‘బాబాయ్ గారూ, పోయినసారిలాగే పంపండి’ అని ఒక్క ముక్క పెడితే చాలు. ఆయన నోట్‌బుక్ తిరగేసి, కిలో ఆవకాయ, అరకిలో గోంగూర, నూనె తక్కువ అని చూసుకుని పార్సిల్ కట్టించేవారు. కొత్త వెబ్‌సైట్‌లో ఈ ‘పోయినసారిలాగే’ లేదు. పేరు, చిరునామా, పిన్‌కోడ్ కస్టమరే నింపాలి. ప్యాకెట్ సైజు ఎంచుకోవాలి. డబ్బు ముందే కట్టాలి. వ్యాపారికి నోట్‌బుక్ బాధ తప్పింది గానీ, ఆ పని కస్టమర్ చేతికి వెళ్లింది. ఇది దాచి ‘ఇకపై ఆర్డర్ మరింత సులభం’ అని రాస్తే, మొదటిసారి ఫారం నింపుతూనే ఆవిడకు ఒళ్లు మండుతుంది. ‘మొదటిసారి మాత్రం మీ చిరునామా మీరే నింపాలి’ అని రాసేశాం. మరి ‘నూనె తక్కువ’ అన్నది ఎక్కడ చెప్పాలి? ఆర్డర్ పేజీ అడుగున ‘సూచనలు’ అని ఒక గడి ఉంది. మెసేజ్‌లోనూ అదే మాట వాడాం. అక్కడొక పేరు, ఇక్కడొక పేరు ఉంటే కస్టమర్ వెతుక్కుంటూ కూర్చుంటారు.

చిక్కంతా మారే రోజు దగ్గర వస్తుంది. ‘త్వరలో’ అని రాస్తే కొందరు అటు, కొందరు ఇటు ఆర్డర్ పెడతారు. డబ్బు కట్టేసి పార్సిల్ కోసం చూస్తున్నవాళ్లయితే, పాత ఆర్డర్ రద్దయిందేమోనని కంగారుపడి మళ్లీ పెడతారు. ఒకే ఇంటికి రెండు పార్సిళ్లు వెళ్తే కొరియర్ ఖర్చు ఎవరిది? చివరికి మెసేజ్‌లో ఈ భాగం ఇలా కుదిరింది:

‘జూన్ 1 నుంచి ఆర్డర్లు వెబ్‌సైట్‌లో మాత్రమే. మే 31 రాత్రి వరకు వాట్సాప్‌లో పెట్టినవి ఎప్పటిలాగే పంపుతాం, వాటిని మళ్లీ పెట్టకండి. సీసా పగిలినా, పార్సిల్ రాకపోయినా ఈ వాట్సాప్ నంబర్‌కే ఆర్డర్ నంబర్ పంపండి, పగిలితే ఫొటో కూడా. ఉదయం 10 నుంచి సాయంత్రం 6 వరకు జవాబిస్తాం. ఆదివారం సెలవు. మేం ఓటీపీ అడగం.’

ఆర్డర్లు వెబ్‌సైట్‌కు వెళ్లినా ఫిర్యాదులు పాత నంబర్‌లోనే ఉంచమని నేనే పట్టుబట్టాను. రెండూ ఒకేసారి మారిస్తే సీసా పగిలిన మనిషి ఎవరికి చెప్పుకోవాలి? ఇంకో సంగతి. ఆన్‌లైన్‌లో అమ్మేవారికి 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనలు వర్తిస్తాయి. ఫిర్యాదులు చూసే అధికారి పేరు, సంప్రదించే వివరాలు వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. చిన్న దుకాణాల్లో ఆ అధికారి సాధారణంగా యజమానే, లేదంటే ఆయన కూతురో కొడుకో. ఎవరైనా సరే, పేరంటూ ఒకటి ఉండాలి.

ఇక పంపడం. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందికి మించి పట్టరు. పైగా మన నంబర్ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవారికే అది చేరుతుంది. మిగిలినవారికి ఎస్సెమ్మెస్సే దిక్కు. ఇంగ్లిష్‌లో ఒక ఎస్సెమ్మెస్‌కు 160 అక్షరాలు పడితే తెలుగులో 70 మాత్రమే. అందులో ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా లెక్కకొస్తాయి. కంటికి మూడక్షరాలుగా కనిపించే ‘ఆర్డర్’ లెక్కలో ఆరు. పై మెసేజ్ మొత్తం పంపితే చాలా ముక్కలవుతుంది, ముక్కముక్కకీ బిల్లు పడుతుంది. కాబట్టి ఎస్సెమ్మెస్‌లో తేదీ, లింకు చాలు. ఆ నమూనానూ, లింకునూ టెలికాం సంస్థల డీఎల్‌టీ పోర్టల్‌లో ముందే నమోదు చేయించాలి. నమోదు లేని లింకుతో వచ్చే మెసేజీలను 2024 అక్టోబర్ నుంచి ఆపేస్తున్నారు. వెబ్‌సైట్ తెరిచే రోజున పరిగెత్తితే అయ్యే పని కాదిది.

అన్నీ సిద్ధమయ్యాక ఆ వ్యాపారి శనివారం రాత్రే పంపేద్దామన్నారు. ఆదివారం సెలవని మనమే రాశాం కదండీ, సోమవారం పొద్దున పంపండి అన్నాను. మీరూ అంతే చేయండి. మొదటి రోజు వచ్చే ఫోన్లు ఎత్తడానికి ఒక మనిషిని కూర్చోబెట్టుకున్నాకే పంపండి.