నేను డాక్టరు కావాలా, నాకు డాక్టరు కావాలా?

"నేను డాక్టరు కావాలి" అన్నది పదో తరగతి పిల్లాడి ఆశ. "నాకు డాక్టరు కావాలి" అన్నది ఒంట్లో బాగాలేనివాడి అవసరం. రెండూ చక్కటి తెలుగే. మొదటిదానిలో 'కావాలి' అంటే 'అవాలి'. రెండోదానిలో అదే మాట అవసరాన్ని చెబుతోంది. ఏది ఏదో తేల్చేది 'నాకు'లోని ఆ చిన్న 'కు'. ఇంగ్లీషులో అనుకుని తెలుగులో రాసేవాళ్లు బోల్తా పడేది దీని దగ్గరే. అక్కడ తెలిసినా, నచ్చినా, అవసరమైనా 'ఐ' ఒక్కటే సరిపోతుంది. దాన్ని తెచ్చి ఇక్కడ పెడితే "నేను తెలుసు", "నేను ఇష్టం", "మీరు సహాయం కావాలా?" తయారవుతాయి.

తప్పని కొట్టేసి ఊరుకుంటే అసలు సంగతి చేతికి రాదు. ఈ మాటలకు అర్థం ఉంది, కాకపోతే తిరగబడి ఉంది. "మీ నాన్నగారికి నేను తెలుసు" అంటే తెలిసినవాడు ఆయన, తెలియబడినవాణ్ణి నేను. అందుకే ఒట్టి "నేను తెలుసు" చదవగానే "ఎవరికి?" అని అడగాలనిపిస్తుంది. పెళ్లిచూపులు అయ్యాక పెళ్లికొడుకు "నచ్చింది" అంటే అతను అమ్మాయిని మెచ్చాడని. అదే "నచ్చాను" అన్నాడో, అమ్మాయి తరఫు కబురు కూడా తనే చెప్పేశాడన్నమాట. ఇక్కడ క్రియ నచ్చినదాని వెంటే నడుస్తుంది: "మాకు ఈ చీర నచ్చింది", "మాకు మీరు నచ్చారు". మెచ్చేవాళ్లు ఒకరైనా పదిమందైనా దానికి పట్టదు.

మరి ఎప్పుడు 'నేను', ఎప్పుడు 'నాకు'? మనం పూనుకుని చేసేదానికి 'నేను', మనకు కలిగేదానికి 'నాకు' అన్నది మొదటి లెక్క. నేను నేర్చుకున్నాను, నాకు వచ్చు. నేను తెలుసుకున్నాను, నాకు తెలుసు. నేను కోరుకున్నాను, నాకు కావాలి. ఈ లెక్క చాలాదూరం వస్తుంది గానీ చివరిదాకా రాదు. విజయనగరం, శ్రీకాకుళం పల్లెల్లో ఎవరినైనా దారి అడిగి చూడండి. "నాకు తెల్దు" అనొచ్చు, "నానెరగను" అనీ అనొచ్చు. తెలియకపోవడం అదే అయినా ఒకచోట 'నాకు', ఒకచోట 'నాను'. ఎరుగు అనే క్రియ 'నేను'నే కోరుతుంది, పైగా ఎరిగినదానికి 'ని' తగిలిస్తుంది: "ఆయన్ని నేనెరుగుదును". తెలుసు దగ్గర ఆ 'ని' కుదరదు: "ఆయన నాకు తెలుసు". అలాగే "నాకొద్దు" పక్కన "నానొల్ల". కనుక అర్థం సగమే చెబుతుంది, తతిమ్మాది క్రియ స్వభావం. "నానెరగను" అన్న ముసలాయన్ని దిద్దబోతే తప్పు మనదే అవుతుంది.

20వ శతాబ్దం తొలి ఏళ్లలో ఇటు వచ్చిన స్కూళ్ల ఇన్‌స్పెక్టరు యేట్స్ తెలుగు నేర్చుకుంటూ, పుస్తకాల తెలుగుకీ జనం తెలుగుకీ ఇంత తేడా ఏమిటని అడిగాడు. ఆ ప్రశ్న గురజాడ, గిడుగుల చేతిలో పెద్ద ఉద్యమమైంది. అంత తగాదాలోనూ ఈ 'కు' జోలికి ఎవరూ పోలేదు. గ్రాంథికులు "నాకుఁ దెలియును" అన్నారు, వ్యావహారికులు "నాకు తెలుసు" అన్నారు. అయితే మన బడి వ్యాకరణం దీన్ని కర్తగా చూపించనే లేదు. విభక్తుల పట్టికలో 'కి, కు' షష్ఠి గళ్లో 'యొక్క' పక్కన ఒదిగి ఉంటాయి. వాక్యం మొదట్లో కూర్చుని పెత్తనం చేసే 'నాకు' గురించి ఆ పట్టిక ఒక్క ముక్కా చెప్పదు. అయినా పెత్తనం నిజమే. "రాముడికి తన ఊరంటే ఇష్టం" అన్నప్పుడు ఆ 'తన' రాముడిదే.

తెలుగు పుట్టుకతో వచ్చినవాళ్లు "నేను తెలుసు" అనరు. వాళ్లు జారేది పొడుగు వాక్యాల్లో: "నేను చిన్నప్పటినుంచి పైడితల్లమ్మ పండగ, సిరిమాను, ఆ జనం అంటే చాలా ఇష్టం." 'నేను' అని ఎత్తుకుని, చివరికొచ్చేసరికి మొదలు మరిచిపోయారు. దిద్దడానికి దారులు రెండు. మొదట్లో 'నాకు' పెట్టండి, లేదా 'నేను' ఉంచి చివర "ఇష్టపడతాను" అనండి. ఎంత తెరిపి లేని వాక్యమైనా, ఆఖరి క్రియను తెచ్చి మొదటి మాట పక్కన పెట్టి చదివితే దొరికిపోతుంది: "నేను ఇష్టం".

ఈ పరీక్షను కళ్లు మూసుకుని వాడినా చిక్కే. "నేను రైలు దిగి చూస్తే ఎవరూ కనిపించలేదు" అన్నదానిలో తప్పేం లేదు. అక్కడ 'నేను' దిగడానికీ చూడడానికీ కర్త, కనిపించడానికి కాదు. కనిపించలేదు ముందు ఉండాల్సిన 'నాకు' చెప్పకుండానే తెలుస్తోంది కాబట్టి ఎగిరిపోయింది. దాన్ని "నాకు రైలు దిగి చూస్తే" అని దిద్దితే, బాగున్న వాక్యం కాస్తా పాడవుతుంది.