లేపాక్షి బసవయ్యకు ఫోన్‌లో చోటు

లేపాక్షి నంది సుమారు 15 అడుగుల ఎత్తు, 27 అడుగుల పొడవు. ఒకే రాతిలో మలిచిన ఆ బసవయ్యను పక్కనుంచి ఫొటో తీస్తే అడ్డంగానే వస్తాడు. ఫోన్ తెర నిలువుగా ఉంటుంది. ఆ ఫొటోను నేరుగా వాల్‌పేపర్‌గా పెడితే ఫోన్ దాన్ని ఎత్తుకు సరిపెట్టి, పక్కల మిగిలినదాన్ని కోసేస్తుంది. మూతి ఉంచుకుంటే తోక పోతుంది, తోక కావాలంటే మూతి పోతుంది. మిగిలిన ముక్క మీద గడియారం అంకెలు వచ్చి కూర్చుంటాయి.

పత్రికల ముఖచిత్రాలకు పనిచేసేవాళ్లకు ఈ చిక్కు పాతదే. పత్రిక పేరు ఎక్కడ పడుతుందో ముందే తెలుసుకుని, బొమ్మ తల పైన అంత చోటు వదులుతారు. ఫొటోలో చోటు లేకపోతే వెనకున్న ఆకాశాన్నో గోడనో పైకి పెంచుతారు. వాల్‌పేపర్‌కూ అదే పద్ధతి. పత్రిక పేరు బదులు ఇక్కడ గడియారం ఉంటుంది.

పని ఫొటోతో కాకుండా ఖాళీ తెరతో మొదలుపెట్టాలి. ముందుగా మీ లాక్ స్క్రీన్‌ను స్క్రీన్‌షాట్ తీసుకోండి. దాని కొలతే మీకు కావలసిన వాల్‌పేపర్ కొలత. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో అది 1080 పిక్సెళ్ల వెడల్పు, 2400 ఎత్తు ఉంటుంది. ఫొటోషాప్, జింప్ లాంటి లేయర్లున్న యాప్‌లో ఆ స్క్రీన్‌షాట్‌ను అన్నిటికంటే పై లేయర్‌గా పెట్టి, సగం పారదర్శకం చేయండి. గడియారం ఎక్కడిదాకా దిగుతుందో, కింద టార్చి, కెమెరా గుర్తులు ఎక్కడున్నాయో ఇక ఊహించక్కర్లేదు, కళ్లెదుటే ఉంటాయి. పని పూర్తయ్యాక ఆ లేయర్‌ను తీసేయాలి.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఫొటో 4000 పిక్సెళ్ల వెడల్పు, 3000 ఎత్తు అనుకుందాం. అందులో నంది 3000 పిక్సెళ్ల మేర పరుచుకుని ఉంది. రెండు వైపులా 300 చొప్పున వదిలి, 3600 వెడల్పుకు కత్తిరిస్తాం. దాన్ని 1080కి కుదిస్తే ఎత్తు 900 అవుతుంది. నంది పొడవు 900కి, ఎత్తు 500కి వస్తాయి. మూతికీ తోకకూ అటూ ఇటూ 90 పిక్సెళ్ల ఖాళీ మిగులుతుంది. కొన్ని ఫోన్లు వాల్‌పేపర్‌ను కొంచెం పెద్దది చేస్తాయి, కొన్ని పేజీ తిప్పినప్పుడు దాన్ని పక్కకు జరుపుతాయి. ఆ ఖాళీ అందుకోసం.

తెర ఎత్తు 2400. ఫొటో నింపింది 900 మాత్రమే. మిగతా 1500 మనం పెంచాల్సిందే. దాన్ని పైకీ కిందికీ సమానంగా పంచకూడదు. గడియారం సాధారణంగా తెర పై మూడో వంతులోనే ఉంటుంది, కాబట్టి పైన 950, కింద 550 ఇస్తే నంది సరిగ్గా గడియారం కిందకు, టార్చి గుర్తుల పైకి చేరుతుంది.

ఆకాశాన్ని పెంచడం తేలికనిపిస్తుంది కానీ ఎక్కువమంది దొరికిపోయేది అక్కడే. ఆకాశం ఒకే నీలం కాదు. నేల దగ్గర లేతగా ఉండి పైకి పోయేకొద్దీ చిక్కబడుతుంది. ఎండ ఉన్న వైపు తెల్లగా, అవతలి వైపు ముదురుగా ఉంటుంది. ఒకే రంగు తీసుకుని పూస్తే ఎడమవైపు కలిసిన అతుకు కుడివైపు గీతలా కనిపిస్తుంది. అందుకని రంగు పూయకండి. ఫొటో పై అంచున చెట్టూ మబ్బూ తగలని ఒక 20 పిక్సెళ్ల పట్టీని ఎంచుకుని, నకలు తీసి, తెర పైఅంచుదాకా సాగదీయండి. ఎడమ కుడి తేడా ఉన్నదున్నట్టే వస్తుంది. సాగదీసినప్పుడు నిలువు చారలు పడతాయి, వాటిని గట్టి బ్లర్‌తో కరిగించాలి. పైకి పోయేకొద్దీ కొంచెం ముదురయ్యేలా ఒక పలుచని నీడ లేయర్ వేసి, సాగదీసిన ఆకాశాన్ని ఫొటో మీదికి 60 పిక్సెళ్లు దింపి, దాని కింది అంచును మెత్తని బ్రష్‌తో చెరపాలి.

ఇంకొక్క పని మిగిలింది. ఫొటోలోని ఆకాశానికి సన్నని గరుకు ఉంటుంది, బ్లర్ చేసిన ఆకాశం నున్నగా అయిపోతుంది. ఆ తేడావల్ల రంగు కలిసినా అతుకు తెలుస్తుంది. పైగా నున్నటి నీలంలో మెట్లు మెట్లుగా పట్టీలు కనిపిస్తాయి. కొత్త ఆకాశానికి ఒకటి రెండు శాతం నాయిజ్ కలిపితే రెండూ పోతాయి. చివర ఫైలును పీఎన్‌జీగా దాచుకోండి, జేపీజీ ఎక్కువ కుదిస్తే ఆ పట్టీలు మళ్లీ వస్తాయి. ఫొటో అంచున మబ్బు సగానికి తెగి ఉంటే ముందే హీలింగ్ పనిముట్టుతో దాన్ని చెరిపేయడం మేలు. తెగిన మబ్బును సాగదీస్తే స్తంభమవుతుంది.

కింద పచ్చికకు ఈ ఉపాయం పనికిరాదు. సాగదీస్తే గడ్డి దారాల్లా అవుతుంది. అద్దంలా తిప్పి అతికిస్తే అతుకుకు ఇటూ అటూ ఒకే మచ్చ జంటగా కనిపించి గుట్టు రట్టు చేస్తుంది. అసలు సంగతేమిటంటే, నేల మనకు దగ్గరయ్యేకొద్దీ గడ్డి పెద్దగా కనపడాలి. కాబట్టి వేర్వేరు చోట్లనుంచి గడ్డి ముక్కలు తీసుకుని, కిందికి వచ్చేకొద్దీ ఒకటింబావు, ఒకటిన్నర రెట్లు పెంచి క్లోన్ చేయాలి. నంది నీడ ఆ ముక్కల్లోకి రాకుండా చూసుకోవాలి. ఆపైన అడుగుదాకా కొంచెం కొంచెంగా మసకబరిచి చీకటి చేస్తే చిన్న లోపాలు మునిగిపోతాయి, గుర్తులూ తేటగా కనిపిస్తాయి. స్నాప్‌సీడ్‌లోని ఎక్స్‌పాండ్ లాంటివి అంచు ముక్కలనే మళ్లీ మళ్లీ అతికిస్తాయి. కొద్దిపాటి పెంపుకు అవి చాలు, 950 పిక్సెళ్లకు చాలవు.

హోమ్ స్క్రీన్‌కు ఈ బొమ్మనే పెడితే ఐకాన్లు నంది మూపురం మీదికెక్కుతాయి. దానికి వేరే నకలు చేసుకోవాలి. మొదటి పేజీలో పై రెండు వరసలే ఐకాన్లుంటే నందిని కిందికి, అడుగు వరసకు కాస్త పైన ఉండేలా జరపవచ్చు. పేజీ నిండా ఉంటే నందికి చోటు లేనట్టే, ఆకాశం గడ్డి మాత్రం మసకగా ఉంచడం నయం. ఇంకో సంగతి, 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి చాలా ఫోన్లు వాల్‌పేపర్ రంగులను బట్టే మెనూల రంగు మార్చుకుంటున్నాయి. మనం పెంచిన ఆకాశం తెరలో పెద్దభాగం కాబట్టి ఆ రంగు ఫోన్ అంతటా పాకుతుంది. ఆకాశం మరీ పాలిపోతే తెల్ల అంకెలు అందులో కలిసిపోతాయి కూడా.

2022లో ఐఓఎస్ 16తో ఐఫోన్లలో బొమ్మ తల గడియారం ముందుకు వచ్చే ఏర్పాటు మొదలైంది. అది కావాలంటే నందిని కాస్త పైకి జరిపి, కొమ్ము కొస మాత్రం అంకెలను తాకనివ్వాలి. ఎక్కువ కప్పేస్తే ఫోన్ ఆ ఏర్పాటును మానేస్తుంది.

పని కుదిరిందో లేదో కంప్యూటర్ మీద తేలదు. ఫోన్‌లో పెట్టి, చీకటి గదిలో వెలుతురు పూర్తిగా పెంచి చూడండి. పట్టీలుంటే అప్పుడు బయటపడతాయి. తర్వాత బొమ్మను తలకిందులు చేసి చూడండి. నంది నందిలా కనపడనప్పుడు కన్ను అతుకుల మీదికి పోతుంది.

ఈసారి లేపాక్షి వెళ్లినప్పుడు ఫోన్‌ను నిలువుగా పట్టుకుంటే సరిపోతుందనుకోకండి. 3000 వెడల్పు, 4000 ఎత్తున్న నిలువు ఫొటోను 1080కి కుదించినా ఎత్తు 1440 దాటదు, ఇంకా 960 తక్కువే. తెర మీద వేలు నొక్కి పట్టి వెలుతురును స్థిరం చేసి, నందిని తీశాక అదే చోటునుంచి పై ఆకాశాన్ని ఒకటి, కాళ్ల ముందున్న పచ్చికను ఒకటి తీసుకోండి. వెలుతురు మారదు కాబట్టి మూడూ తేలిగ్గా అతుకుతాయి. అప్పుడు సాగదీయడాలు, క్లోనింగులు దాదాపు అక్కర్లేదు, గడియారం వెనకున్నది ఆ రోజు అక్కడ నిజంగా ఉన్న ఆకాశమే అవుతుంది.