'ఎలా వున్నావు' అని ఎవరు ఎవర్ని అడగొచ్చు?

తెలుగు నేర్పే పుస్తకాల్లో మొదటి పాఠాల్లోనే ఒక సూత్రం కనిపిస్తుంది. స్నేహితుల్ని, చిన్నవాళ్లని 'ఎలా వున్నావు' అని పలకరించాలి. పెద్దవాళ్లని, కొత్తవాళ్లని 'ఎలా వున్నారు' అనాలి. మొదటిది చనువు, రెండోది గౌరవం, దాంతోపాటు కాస్త దూరం. బయటినుంచి వచ్చి భాష నేర్చుకునేవాళ్లకి ఇది చాలు. కానీ వూళ్లో పుట్టి పెరిగిన మనకి ఈ లెక్క ఎక్కడ తప్పుతుందో తెలుసు. అరవై ఏళ్ల మాదిగ పెద్దమనిషిని ఇరవై ఏళ్ల రైతు కొడుకు 'ఏరా, ఎలా వున్నావ్' అంటాడు. వాళ్లిద్దరూ స్నేహితులు కారు. అడిగినవాడు వయసులో పెద్దా కాదు. మరి ఈ 'వున్నావ్' ఏ సూత్రం కిందికి వస్తుంది? ఒక పలకరింపు చనువుదా కాదా అన్నది ఆ మాటలో వుండదనీ, దానికి అదే రూపంలో తిరిగి పలకరించే వీలు వుందా లేదా అన్న దాంట్లో వుంటుందనీ మేం అంటున్నాం.

ముందు భాష సంగతి చూద్దాం. తెలుగులో 'నువ్వు' అనో 'మీరు' అనో విడిగా చెప్పక్కర్లేదు. ఎదుటి మనిషి ఎవరో క్రియ చివరే తెలిసిపోతుంది. కోస్తాలో 'ఎలా వున్నావు - ఎలా వున్నారు', తెలంగాణలో 'ఎట్లున్నవ్ - ఎట్లున్నరు', రాయలసీమలో 'ఎట్లుండావు - ఎట్లుండారు'. ఎక్కడైనా తేడా చివరి అక్షరం దగ్గరే. ఇంగ్లీషులో 'హౌ ఆర్ యూ' అంటే కలెక్టరుకీ అదే, కూలికీ అదే. ఈ తెలుగు ప్రశ్నకి అలాంటి నడిమి రూపం లేదు. అడగాలంటే ఎదుటివాణ్ణి ఎక్కడ నిలబెట్టాలో ముందే తేల్చుకోవాల్సిందే.

యూరప్ భాషల్లో ఇలాంటి జంట రూపాల గురించి రోజర్ బ్రౌన్, ఆల్బర్ట్ గిల్మన్ 1960లో ఒక వ్యాసం రాశారు. వాళ్లు చెప్పిన దాంట్లో మనకి పనికొచ్చేది ఒకటుంది. ఇద్దరూ ఒకరికొకరు ఒకే రూపం వాడుకుంటే అది సాన్నిహిత్యాన్నో, సమానుల మధ్య దూరాన్నో చెబుతుంది. ఒకరు ఒకటి వాడి, రెండోవాళ్లు ఇంకొకటి వాడాల్సివస్తే అది అధికారాన్ని చెబుతుంది. మన పాఠ్యపుస్తకాల సూత్రంలో ఈ రెండో సగమే లేదు. అది అడిగేవాడి వాక్యాన్ని చూస్తుంది తప్ప జవాబు దాకా పోదు.

గుంటూరు జిల్లాలో మాకు తెలిసిన ఒక హెడ్మాస్టరు గారి అనుభవం తీసుకుందాం. ఆయన మాలపల్లెలో పుట్టారు. యాభై దాటాయి. ఆయన దగ్గర చదువుకున్న ఒక రైతు కుటుంబం కుర్రాడు స్కూలుకి ఏదో సర్టిఫికెట్ కోసం వస్తే 'నమస్తే మాస్టారూ, ఎలా వున్నారు' అంటాడు. ఆదివారంనాడు వూళ్లో టీ కొట్టు దగ్గర, తన పెదనాన్నా మరో నలుగురూ కూర్చునివుండగా అదే కుర్రాడు 'ఏం మాస్టారూ, ఎలా వున్నావ్, ఎప్పుడొచ్చావ్' అంటాడు. ఆ పెదనాన్న అయితే 'మాస్టారు' దాకా కూడా రాడు. పేరు చివర 'గా' తగిలించి 'ఏరా' అనే పిలుస్తాడు. ముగ్గురికీ, అంటే స్కూల్లో కుర్రాడికీ, టీ కొట్టు దగ్గర కుర్రాడికీ, పెదనాన్నకీ మాస్టారు ఇచ్చే జవాబు మాత్రం ఒక్కటే: 'బాగున్నానండి.'

ఇందులో రెండో పలకరింపుని కాస్త ఆగి చూడాలి. 'ఏరా' అన్నవాడి సంగతి అందరికీ వినపడుతుంది. 'ఏం మాస్టారూ, ఎలా వున్నావ్' అన్నది ఎవరికీ అవమానంలా వినపడదు. అందులో 'మాస్టారు' అనే గౌరవమైన పిలుపు వుంది కదా అంటారు. పిలుపుకి తగ్గ క్రియ 'వున్నారు'. వచ్చింది 'వున్నావ్'. పిలుపు ఆయన వుద్యోగానికి పోయింది, క్రియ ఆయన పల్లెకి పోయింది. అదే టీ కొట్టు దగ్గర అగ్రకులం టీచరు ఒకాయన కూర్చుంటే, ఆయన వయసులో ఇంకా చిన్నవాడైనా, అదే కుర్రాడి నోట పిలుపూ క్రియా రెండూ కలిసే వస్తాయి. స్కూల్లో 'వున్నారు' అన్నవాడికి ఆ రూపం తెలియదనుకోలేం. చుట్టూ వున్న తనవాళ్ల ముందు ఆ రూపం వాడలేకపోయాడు. ఆ ఒక్క అక్షరం మాస్టారికంటే ఎక్కువగా ఆ నలుగురి కోసం మారింది.

అదే సాయంత్రం పల్లెలో చిన్ననాటి నేస్తం ఎదురై 'ఏరా, ఎలా వున్నావ్' అంటాడు. మాస్టారు 'బానే వున్నాన్రా, నువ్వెలా వున్నావ్' అంటారు. మాటల్ని మాత్రమే చూస్తే పెదనాన్న పలకరింపుకీ దీనికీ ఒక్క అక్షరం తేడా లేదు. తేడా జవాబులో వుంది. ఇక్కడ 'వున్నావ్' వెళ్లింది, 'వున్నావ్' తిరిగొచ్చింది. అక్కడ వెళ్లిందే తప్ప తిరిగి రాలేదు. 'బానే వున్నాను, నువ్వెలా వున్నావ్' అని ఆ పెదనాన్నతో అంటే వ్యాకరణం ఒప్పుకుంటుంది, వూరు ఒప్పుకోదు. 'నాలుగక్షరాలు వచ్చేసరికి కళ్లు నెత్తికెక్కాయి' అనే మాట మర్నాటికి పల్లె దాకా వస్తుంది. 'చిన్నప్పట్నుంచీ చూస్తున్నాం, చనువుకొద్దీ అన్నాం' అని వాళ్లు చెప్పే సమాధానం ఇక్కడే తేలిపోతుంది. చనువైతే రెండువైపులా నడవాలి. దీన్ని పట్టుకుని పోలీసు స్టేషనుకి పోవడానికీ లేదు. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం 2015లో సవరించాక, జనం చూసేచోట కులం పేరుతో దూషించడాన్ని విడిగా నేరమని చెప్పింది. 'ఎలా వున్నావ్'లో కులం పేరు ఎక్కడా లేదు. కులం క్రియలో వుంది.

ఇంకో రకం పలకరింపు కూడా వుంది. దాన్ని గుర్తుపట్టడం కష్టం. దళితుడు తహసీల్దారై వస్తాడు, లేదా సర్పంచి అవుతాడు. 'నువ్వు' అంటే పని చెడుతుంది. 'మీరు' అనడానికి నోరు రాదు. అప్పుడు పెద్దమనుషులు క్రియనే తప్పించేస్తారు. 'ఎప్పుడు రావటం?', 'ఎక్కడిదాకా ప్రయాణం?', 'అంతా కులాసానా?', 'భోజనం అయిందా?' తెలంగాణలో అయితే 'ఎప్పుడు వచ్చుడు?', 'ఏడికి పోవుడు?' వీటిలో ఎదుటి మనిషిని తెలిపే చివరి అక్షరమే లేదు. ఇవి అందరూ వాడే మాటలే. ఒక్కసారి వింటే ఏమీ అనలేం. కానీ ఒకే మనిషి పదిసార్లు మాట్లాడినా ఒక్క 'రు'గానీ 'వు'గానీ పడలేదంటే, పక్కనున్న మరో ఆఫీసరుతో మాత్రం ధారాళంగా 'మీరు' వస్తోందంటే, అక్కడ లెక్క కుదరక తప్పించుకుంటున్నారని అర్థం.

ఇంతవరకూ చెప్పింది కోస్తా వూళ్ల సంగతి. దీన్నే పట్టుకుని 'వు' అంటే ఎప్పుడూ అవమానం, 'రు' అంటే ఎప్పుడూ మర్యాద అనుకుంటే తప్పులో కాలేస్తాం. తెలంగాణ పల్లెల్లో తల్లినీ తండ్రినీ 'నువ్వు' అనడం మామూలు. 'నాయినా, ఎట్లున్నవ్' అన్న కొడుక్కి మర్యాద లేదని ఎవరూ అనుకోరు. గడీల కాలంలో 'నీ బాంచన్ దొరా, కాల్మొక్త' అన్న మాటలో కూడా వున్నది 'నీ' అనే ఏకవచనమే. అంతకంటే పెద్ద దాసోహం లేదు, అయినా 'మీ' రాలేదు. అక్కడ ఎక్కువతక్కువల్ని 'దొరా', 'బాంచన్' అన్న మాటలూ, కిందివాడికి పడే 'రా', 'ఓరి', 'గా' మోశాయి. కాబట్టి ఒక్క క్రియనే తూచకూడదు. పిలుపునీ, క్రియనీ, జవాబునీ కలిపి తూచాలి.

ఈ తేడా తెలియకపోతే దెబ్బ ఎవరికి తగులుతుందో కాలేజీల్లో చూస్తూనే వున్నాం. వాడనుంచి వచ్చిన విద్యార్థి లెక్చరర్ దగ్గరికి పోయి 'సార్, నిన్న నువ్వు చెప్పినవ్ గదా' అంటాడు. ఇంట్లో తండ్రితో మాట్లాడినట్టే, ఆ గౌరవంతోనే అంటాడు. క్లాసు నవ్వుతుంది. 'మాట్లాడటం నేర్చుకుని రా' అంటాడు సారు. అదే సారు, తండ్రి వయసున్న అటెండర్‌ని 'ఏం, ఎట్లున్నవ్, చాయ్ తే' అంటాడు. అప్పుడు ఎవరూ నవ్వరు. కిందినుంచి పైకి పోయిన 'నువ్వు' మొరటుతనమైంది, పైనుంచి కిందికి వచ్చిన 'నువ్వు' మామూలు మాటైంది. ఆ విద్యార్థి రెండోసారి నోరు విప్పడు. వాడికి భాష రాదని టీచర్ల గదిలో చెప్పుకుంటారు.

'మీరు' సంగతి కూడా ఒకమాట అనుకోవాలి. పట్నంలో అద్దె ఇంటికోసం పోతే 'రండి, కూర్చోండి, ఎలా వున్నారు, ఏం చేస్తుంటారు' అని మొదలౌతుంది. కులం తెలిశాక కూడా 'వు'లోకి దిగరు. 'మీరు ఏమీ అనుకోవద్దు, మా బంధువులు వస్తున్నారు' అంటారు. చివరి వాక్యం దాకా 'రు' చెక్కుచెదరలేదు, ఇల్లు మాత్రం రాలేదు. ఇక్కడ 'మీరు' గడప బయటే నిలబెట్టే మాటైంది. అందువల్ల 'అందరూ అందర్నీ మీరు అనాలి' అనే తీర్మానం చేసుకుంటే సగం పనే అవుతుంది.

మన సంఘాల్లోనూ చూసుకోవాలి. పోస్టర్లు అంటించే మాదిగ కుర్రాణ్ణి 'ఏమోయ్, ఎలా వున్నావ్' అనీ, వ్యాసాలు రాసే అగ్రకుల మిత్రుణ్ణి 'ఎలా వున్నారు' అనీ పలకరించడం మా మీటింగుల్లోనే విన్నాం. మేమూ అన్నాం. వంట చేసే అక్కని 'నువ్వు' అని, ఉపన్యాసానికి వచ్చిన మేడమ్‌ని 'మీరు' అనడం కూడా ఇందులోదే. 'కామ్రేడ్' అనో 'అన్నా' అనో పిలుపు ఒకటే వున్నంత మాత్రాన సరిపోలేదు, క్రియ విడదీస్తూనే వుంది.

విద్యార్థులు ఒక వారం పాటు ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకుని మూడు సంగతులు రాసుకుంటే ఇది వాళ్లకే తెలుస్తుంది. పలకరించినవాడు ఏ రూపం వాడాడు, జవాబు ఏ రూపంలో వచ్చింది, పక్కన ఎవరు వున్నారు. ఒకే మనిషిని రెండుచోట్ల వినాలి, ఒక్కచోట విన్నది చాలదు. మూడో గడిని వదిలేయొద్దు. హెడ్మాస్టరు గారి విషయంలో 'రు'ని 'వు' చేసింది ఆ మూడో గడిలోని మనుషులే. 'చనువుకొద్దీ' అని ఎవరైనా అంటే వాళ్లని అడగాల్సింది ఒక్కటే: మేం కూడా మిమ్మల్ని ఇలాగే అడగొచ్చా?