కంటికి ఒకటే, ఫోనుకి రెండు

పలాస జీడి వ్యాపారుల ఖాతాలు రాసే ఒక యాప్‌ని కొన్నాళ్లు ఇంటి నుంచే టెస్ట్ చేశాను. కాశీబుగ్గలోని ఒక కొట్టు గుమస్తా ఫోన్ చేసి, "పేరు లిస్టులో ఉందమ్మా, వెతికితే రాట్లేదు" అన్నాడు. పైడి అనే పేరున్న రైతులందరిదీ అదే వరస. ఉద్దానంలో ఆ పేరు లేని ఊరు వెతుక్కోవాలి, కనుక తేలిగ్గా తీసుకునే సంగతి కాదు.

"సెర్చ్ పనిచేయడం లేదు" అని ఒక్క ముక్క రాసి పంపితే ఏమవుతుందో నాకు తెలుసు. హైదరాబాద్‌లోని డెవలపర్ తన ఫోన్‌లో పైడి అని ఒక పేరు చేర్చి, వెతికి చూస్తాడు. దొరుకుతుంది. "వస్తోంది కదా మేడమ్" అని మూసేస్తాడు. అతని తప్పేమీ లేదు. కొత్తగా టైపు చేసిన పేరు నిజంగానే దొరుకుతోంది. పాత కంప్యూటర్‌లో యూనికోడ్ కాని ఫాంటులో ఉండి, మార్చి ఎక్కించిన పేర్లే దొరకడం లేదు. కాబట్టి మెయిల్‌లో మొదటి స్టెప్ సెర్చ్ పెట్టె దగ్గర కాదు, ఆ పేరు యాప్‌లోకి వచ్చిన దారి దగ్గర మొదలవ్వాలి. ఇలా రాశాను:

సబ్జెక్ట్: పాత ఫైలు నుంచి ఎక్కించిన పేర్లలో ‘పై’ ఉంటే సెర్చ్‌లో రావడం లేదు.

స్టెప్స్: 1. జతచేసిన ఫైలుని ఖాళీ ఖాతాలోకి ఇంపోర్ట్ చేయండి. అందులో ఒక్కటే పేరుంది. 2. రైతుల లిస్టు తెరవండి, పైడి కనిపిస్తుంది. 3. సెర్చ్‌లో ఫోన్ కీబోర్డుతో పైడి అని టైపు చేయండి.

రావాల్సింది: ఆ ఒక్క పేరు. వస్తున్నది: ‘ఫలితాలు లేవు’. చేసిన ప్రతిసారీ ఇంతే.

ఫైలులో ఒక్క పేరే ఉంచడానికి కారణం ఉంది. కొట్టువాళ్ల ఫైలు మొత్తం పంపితే రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు, బాకీలు అన్నీ మెయిల్‌లో తిరుగుతాయి. పైగా అంత లిస్టులో తప్పు ఎక్కడుందో వెతికే పని డెవలపర్ నెత్తిన పడుతుంది.

ఎవిడెన్స్ దగ్గరే చిక్కంతా. మామూలుగా స్క్రీన్‌షాట్ పెట్టేస్తాం. ఇక్కడ స్క్రీన్‌షాట్‌లో రెండు పైడిలూ అచ్చం ఒకేలా ఉన్నాయి, అది దేన్నీ నిరూపించదు. అందుకని రెండు పేర్ల కోడ్‌లు తీసి పెట్టాను. పైది టైపు చేసినది, కిందిది ఫైలులోది:

```
0C2A 0C48 0C21 0C3F
0C2A 0C46 0C56 0C21 0C3F
```

ఐత్వానికి యూనికోడ్‌లో 0C48 అనే సొంత కోడ్ ఉంది. దాన్నే ఎత్వం 0C46, కింద చేరే గుర్తు 0C56 అని రెండు ముక్కలుగా కూడా రాయొచ్చు. ఈ రెండూ సమానమేనని యూనికోడ్ చెబుతుంది, కానీ కోడ్‌ని కోడ్‌తో పోల్చి చూసే సెర్చ్‌కి ఆ సంగతి తెలియదు. ఫాంటు మార్చిన ప్రోగ్రాం ముక్కలుగా రాసి ఉంటుందని నా అనుమానం. ఆ అనుమానాన్ని మెయిల్ చివర ‘ఊహ’ అని విడిగా రాశాను. చూసినదాంట్లో ఊహని కలిపేస్తే, ఊహ తప్పిన రోజున చూసినదాన్ని కూడా ఎవరూ నమ్మరు.

మన లిపి ఇలాంటి చిక్కు తేవడం కొత్తేమీ కాదు. 2018 ఫిబ్రవరిలో ఒక్క ‘జ్ఞా’ దెబ్బకి ఐఫోన్లలో మెసేజ్ యాప్‌లు కూలిపోయాయి. అక్కడ కూడా కంటికి కనిపించేది ఒక్క అక్షరమే. లోపల జ, పొల్లు, ఞ తర్వాత ఒక కనిపించని కోడ్, దాని వెనక దీర్ఘం ఉన్నాయి. విడదీసి చూసినవాళ్లు బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ ఇలాంటి వరసలే కూలుస్తాయని తేల్చారు. iOS 11.2.6తో సర్దుకుంది. ‘తెలుగు అక్షరంతో ఫోన్ ఆగిపోతోంది’ అన్న వాక్యం దగ్గరే ఆగి ఉంటే మిగతా లిపుల సంగతి బయటపడేది కాదు.

నా మెయిల్‌కి మొదట ‘తక్కువ ప్రాధాన్యం’ అని గుర్తు పెట్టారు. సెర్చే కదా అనుకున్నారు. కొట్టులో ఏం జరిగిందో అప్పుడు రాశాను. పేరు దొరక్క గుమస్తా అదే రైతుని మళ్లీ కొత్తగా చేర్చాడు. అడ్వాన్సు పాత ఖాతాలో ఉంది, ఈ ఏడాది తూచిన 80 కేజీల పిక్కల బస్తాలు కొత్త ఖాతాలో పడ్డాయి. బిల్లులో అడ్వాన్సు తెగలేదు. అసలు ఫిర్యాదు నిజానికి అదే, మొదటి మెయిల్‌లోనే ఉండాల్సింది. ఆ సాయంత్రమే పని మొదలుపెట్టారు.

సరిచేయడం చిన్న పనే: వెతికే మాటనీ, దాచిన పేరునీ రెండింటినీ NFC రూపంలోకి మార్చి పోల్చాలి. నేను మళ్లీ అదే ఫైలు ఎక్కించి చూశాను, పేరు వచ్చింది. అయితే అప్పటికే రెండుగా చీలిన ఖాతాలు అలాగే ఉన్నాయి. వాటిని ప్రోగ్రాంతో కలపమని నేను అడగలేదు. ఒకే ఊళ్లో నిజంగానే ఇద్దరు పైడిలు ఉండొచ్చు. అలా చీలిన ఖాతాల లిస్టు గుమస్తాకి పంపాం, అతను ఒక్కొక్కరినీ అడిగి కలుపుతున్నాడు.