అట్రిషన్ ఎంత తగ్గింది, ఎవరు తగ్గించారు

హెచ్‌ఆర్ ఉద్యోగి ప్రొఫైల్‌లో సాధారణంగా మూడు రకాల పని కనిపిస్తుంది: ఎంతమందిని చేర్చుకున్నారు, ఎంతమందిని నిలబెట్టారు, ఏ విధానాలు తెచ్చారు. ఈ వారం కంటపడిన ఒక ప్రొఫైల్‌లో రెండో పని గురించి ఒకే వాక్యం ఉంది: ‘అట్రిషన్‌ను 40 శాతం తగ్గించాను’. ఎంత నుంచి ఎంతకు, ఎన్నాళ్లలో, ఎంతమంది ఉన్న సంస్థలో అన్నది ఎక్కడా లేదు. కింద ఏ సంఖ్య ఉందో చెప్పని శాతం నమ్మదగింది కాదు.

ఒక ఉదాహరణ తీసుకుంటే విషయం తేలిక. హైదరాబాద్‌లో ఒక మధ్యస్థాయి ఐటీ సంస్థ ఉందనుకుందాం. ఏడాది మొదట్లో 800 మంది ఉన్నారు. ఏడాదిలో 370 మంది చేరారు, 210 మంది వెళ్లారు, చివరికి 960 మంది మిగిలారు. నియామకాలు చూసినది నలుగురు. అంటే ఒక్కొక్కరి వాటాకు నెలకు దాదాపు ఎనిమిది చేరికలు పడ్డాయి. ఇది జరిగే పనే. ‘370 మందిని నియమించాను’ అని ఒక్కరే రాసుకుంటే మాత్రం ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దానిమీదే వస్తుంది. ‘నలుగురి బృందాన్ని నడిపి 370 చేరికలు’ అంటే సరిపోతుంది. ఎన్ని ఆఫర్లు ఇస్తే ఈ 370 మంది వచ్చారన్నది ఇంకా విలువైన సమాచారం. ఇక్కడ 510 ఇచ్చారనుకుంటే, ప్రతి పదిమందిలో దాదాపు ముగ్గురు రాలేదన్నమాట. మూడు నెలల నోటీస్ పీరియడ్‌లో మరో ఆఫర్ పట్టుకునేవాళ్లు ఉన్నచోట ఇది మామూలే. అది దాచుకోవలసిన సంఖ్య కాదు.

అట్రిషన్ అంటే వెళ్లినవారిని సగటు సిబ్బందితో భాగించి వచ్చే శాతం. 800, 960ల సగటు 880. 210ని దానితో భాగిస్తే సుమారు 24 శాతం. ఏడాది చివరి 960తో భాగిస్తే 22 కూడా నిండదు. అంకె అందంగా కనిపించాలని ఈ పని చేసేవారున్నారు. సంస్థ వేగంగా పెరుగుతున్నప్పుడు ఈ తేడా ఇంకా పెద్దదవుతుంది. అందుకే ఏ లెక్కన వచ్చిందో ప్రొఫైల్‌లో చెప్పడం అవసరం.

అంతకుముందు ఏడాది సగటున 750 మంది ఉంటే 225 మంది వెళ్లారనుకుందాం. అది 30 శాతం. 30 నుంచి 24కు అంటే ఆరు పాయింట్లు. ‘20 శాతం తగ్గింపు’ అని రాసినా లెక్క తప్పదు గానీ, మొదటి మాటే సూటిగా ఉంటుంది.

అయితే ఆ ఆరు పాయింట్లూ హెచ్‌ఆర్ ఖాతాలో వేయవచ్చా? పన్నెండు నెలల లెక్కన టీసీఎస్ అట్రిషన్ 2022 సెప్టెంబరు త్రైమాసికంలో 21.5 శాతం. 2024 మార్చి నాటికి అది 12.5 శాతానికి దిగింది. బయట ఉద్యోగాలు తగ్గితే ఉన్నవాళ్లు కదలరు. ఆ కాలంలో ‘అట్రిషన్ సగానికి తగ్గించాను’ అని రాసుకున్నవారు చాలావరకు మార్కెట్ చేసిన పనిని తమదిగా రాసుకున్నట్టే.

దీన్ని విడదీసి చూడటానికి ఒక దారి ఉంది. చేరిన 90 రోజుల్లోపే వెళ్లిపోయేవారిని వేరుగా లెక్కించాలి. మన ఉదాహరణలో పాత ఏడాది చేరిన 325 మందిలో 60 మంది అలా వెళ్లారు. నైట్ షిఫ్ట్ ఉంటుందని ఇంటర్వ్యూలో చెప్పకపోవడమే పెద్ద కారణమని ఎగ్జిట్ ఇంటర్వ్యూల్లో తేలింది. దాంతో షిఫ్ట్ వేళలను ఆఫర్ లెటర్‌లోనే రాయడం, ముప్పయ్యో రోజున మేనేజర్ కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టారు. మరుసటి ఏడాది 370 మందిలో 33 మందే అలా వెళ్లారు. పాత తీరే కొనసాగితే 68 మంది వెళ్లేవారు. ఆగిన 35 మంది అంటే సగటు సిబ్బందిలో నాలుగు పాయింట్లు. కాబట్టి ఆరింటిలో నాలుగు దాకా ఈ మార్పులవని చెప్పుకోవచ్చు. మిగతా రెండూ మార్కెట్‌వి కావచ్చు. ఆగినవారు ఆ తర్వాత ఏడాదీ ఉంటారా అన్నది ఈ లెక్క చెప్పదు.

ఇక్కడిదాకా చూస్తే అంకె లేని వాక్యానికి చోటే లేదనిపిస్తుంది. కానీ విధాన పనికి వచ్చేసరికి అంకె ఉండటమే అనుమానానికి కారణం కావచ్చు. పదిమంది అంతకన్నా ఎక్కువ ఉన్న సంస్థలో లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినడానికి అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. ‘కమిటీ వేశాక సున్నా ఫిర్యాదులు’ అన్నది చూడటానికి విజయంలా ఉంటుంది. కానీ కమిటీ సభ్యులెవరో చాలామందికి తెలియనిచోట కూడా సున్నాయే వస్తుంది. అవగాహన శిక్షణ తర్వాత ఏడాదిలో నాలుగు ఫిర్యాదులు వచ్చి, నాలుగింటి విచారణా చట్టం ఇచ్చిన 90 రోజుల్లో ముగిస్తే, అదే రాయదగిన పని. పేర్లు, వివరాలు మాత్రం ఎక్కడా రాకూడదు. ప్రొఫైల్‌లో ‘సున్నా ఫిర్యాదులు’ అని రాసుకున్నవారు ఆ వాక్యం తీసేసి, కమిటీలో ఎవరున్నారో ఎంతమంది సిబ్బందికి తెలుసో ముందు కనుక్కోవాలి.