ఎసరు అంటే వట్టి మరిగే నీళ్లు కాదు

తిరుత్తంగల్‌లో మా అమ్మ చేసే సజ్జ సంగటిని మా మనవరాలు ఇంగ్లీషులో రాసింది. చదివితే లెక్క కుదరలేదు.

అమ్మ చెప్పింది ఇదీ: "రెండు ఆళాక్కుల నూకకి పడి నీళ్లు ఎసరు పెట్టు." పడికి ఎనిమిది ఆళాక్కులు, అంటే నూకకు నాలుగింతల నీళ్లు. మనవరాలు ఆళాక్కుని కప్పు చేసింది, పడిని లీటరు చేసింది. ఆళాక్కు సుమారు 168 మిల్లీలీటర్లు, కప్పు 240. దాంతో నీళ్లు రెండింతలకే దిగాయి, నూక పలుకుగానే ఉండిపోయింది.

ఎసరంటే గింజను కొలిచి దానికి తగ్గట్టు పెట్టే నీళ్లు. గెలకడమూ ఉత్త కలపడం కాదు, తెడ్డుతో అడుగుదాకా తిప్పుతూ ఉండ కట్టకుండా చూడ్డం.

ఈ మాటల్ని అలాగే ఉంచి, పక్కన కొలత రాయమన్నాను.